మాట గురించా, వస్తువు గురించా? పేర్ల మీద వచ్చే తగాదాలను విడదీసే పద్ధతి

"పాలమూరు పాతదా, మహబూబ్‌నగర్ పాతదా?" "నల్గొండ జనాభా సగానికి పడిపోయిందా?" "అతను అన్న మాటను నేను తిరిగి చెబితే తప్పు నాది ఎలా అవుతుంది?" పాఠకులు ఇలాంటి ప్రశ్నలు పంపి, ఎవరిది ఒప్పో తేల్చమని అడుగుతూనే ఉన్నారు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఒకరు మాట గురించి మాట్లాడుతుంటే, మరొకరు ఆ మాట సూచించే వస్తువు గురించి మాట్లాడుతుంటారు. ఈ తేడాను మీరే పట్టుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా ఇస్తున్నాను.

## 1. మొదలుపెట్టే ముందు

ఈ రెండు వాక్యాలు చూడండి.

"నల్గొండ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది."

"నల్గొండ మూడక్షరాల మాట."

మొదటి వాక్యంలో మన దృష్టి ఊరి మీద ఉంది. ఊరిని చెప్పడానికి దాని పేరును వాడుకున్నాం, అంతే. రెండో వాక్యంలో ఊరి ఊసే లేదు. న, ల్గొం, డ అని పేరునే విడదీసి లెక్కపెడుతున్నాం. ఊరికి అక్షరాలుండవు, పేరుకు కిలోమీటర్లుండవు. మొదటి రకాన్ని 'వాడుక' అని, రెండో రకాన్ని 'ప్రస్తావన' అని పిలుద్దాం.

రాతలో ప్రస్తావనకు గుర్తు ఉంది. ఈ వ్యాసంలో మాటను మాటగా చూపినచోట ఒంటి కొటేషన్ పెడుతున్నాను. ఎవరైనా అన్న లేదా అనగల వాక్యానికి జంట కొటేషన్. నోటిమాటలో ఈ గుర్తులు వినిపించవు కాబట్టి తగాదాలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

ముందు ఒక కాగితం తీసుకుని ఈ నాలుగూ రాసుకోండి.

- గొడవకు మూలమైన వాక్యం, అన్నవారు ఎలా అన్నారో అలాగే. మీ మాటల్లోకి మార్చి రాస్తే అసలు సమస్య అక్కడే మాయమవుతుంది.
- దానికి ఎదుటివారు ఇచ్చిన జవాబు, అదీ అన్నట్లే.
- రెండు వాక్యాల్లో ఏ మాట మీద పట్టుదల కనిపిస్తోందో దాని కింద గీత.
- ఆ మాట సూచించే వస్తువుకు ఇంకా ఏమేం పేర్లున్నాయో అవి. పాత పేరు, వాడుక పేరు, రికార్డుల్లోని పేరు, ఏదైనా సరే.

నాలుగోది అనవసరమనిపించి చాలామంది వదిలేస్తారు. వదలకండి, రెండో పరీక్ష మొత్తం దాని మీదే ఆధారపడుతుంది.

## 2. మూడు పరీక్షలు, ఈ వరుసలోనే

### 2.1. 'అనే' పరీక్ష

గీత గీసిన మాట తర్వాత 'అనే పేరు' లేదా 'అనే మాట' చేర్చి చదవండి. వాక్యం అర్థం చెడకుండా నిలిస్తే అది ప్రస్తావన కావచ్చు. "నల్గొండ అనే మాట మూడక్షరాల మాట" బాగానే ఉంది. "నల్గొండ అనే మాట హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది" నిలవదు.

'అనే' ఒక్కటీ చేర్చి ఊరుకోకండి. తేల్చేది దాని వెనక వచ్చే మాట. 'నల్గొండ అనే పేరు' అంటే పేరు వైపు చూస్తున్నాం. 'నల్గొండ అనే ఊరు' అంటే మళ్లీ ఊరి వైపుకే వచ్చాం.

'అంటే'ను అసలు నమ్మకండి. "వాగు అంటే చిన్న ఏరు" అన్నప్పుడు మాటకు అర్థం చెబుతున్నాం. "ఆ వాగంటే నాకు భయం" అన్నప్పుడు భయం నీళ్ల మీద, మాట మీద కాదు. పైకి ఒకేలా కనిపించే ఈ 'అంటే' ఒకచోట మాటను పట్టిస్తుంది, మరోచోట వస్తువును పట్టిస్తుంది.

ఈ జాగ్రత్త వ్యాకరణకర్తలకు మొదటి నుంచీ తెలుసు. పాణిని 'అగ్నేర్ఢక్' అనే సూత్రంలో అగ్నికి ఢక్ ప్రత్యయం చేర్చమంటాడు. మండే నిప్పుకు ప్రత్యయం అతికించడం కుదరదు. చేర్చవలసింది 'అగ్ని' అనే మాటకు. అలా చేర్చితే 'ఆగ్నేయ' వస్తుంది. ఇలాంటి చోట గందరగోళం రాకూడదనే, వ్యాకరణంలో మాట తన సొంత రూపాన్నే సూచిస్తుందని, సాంకేతిక సంజ్ఞలు మాత్రం దీనికి మినహాయింపని మరో సూత్రంలో ముందే నియమం పెట్టాడు.

### 2.2. మారుపేరు పరీక్ష

నాకు అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. గీత గీసిన పేరు తీసేసి, అదే వస్తువుకున్న మరో పేరు పెట్టండి. వాక్యం ముందులాగే నిజమైతే మాట్లాడింది వస్తువు గురించి. నిజం కాస్తా అబద్ధమైతే మాట్లాడింది పేరు గురించి.

నల్గొండ పాత పేరు నీలగిరి అని చెబుతారు. "నీలగిరి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లు" అన్నా దూరం మారదు. "నీలగిరి మూడక్షరాల మాట" అంటే మాత్రం తప్పు. నీ, ల, గి, రి, నాలుగక్షరాలు.

### 2.3. ఎక్కడ వెతకాలి?

మొదటి రెండు పరీక్షలూ తేల్చకపోతే ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి. "ఇది నిజమో కాదో చూడాలంటే ఎక్కడికి వెళ్లి చూడాలి?" ఒకరు పాత ఉత్తర్వులు, గెజిట్లు తిరగేయాలంటారు. మరొకరు ఊళ్లోని చెరువు, కోట గోడ, శాసనం చూడాలంటారు. వెతికే చోట్లు వేరైతే వాదిస్తున్న విషయాలూ వేరే.

ఈ ప్రశ్నను మొదటే అడగకండి. మాట, వస్తువు విడిపోకముందే ఆధారాలు అడిగితే ఇద్దరూ తమ వైపు ఆధారాలు కుప్ప పోస్తారు. ఆ కుప్పలు ఒకదానికొకటి తగలనే తగలవు, గొడవ మాత్రం రెట్టింపవుతుంది.

## 3. పూర్తిగా విప్పి చూద్దాం: పాలమూరు, మహబూబ్‌నగర్

ఒక మేనమామ, మేనల్లుడు అనుకోండి. అల్లుడు గ్రూప్ పరీక్షలకు చదువుతున్నాడు. మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర టీ తాగుతూ మాటల్లో అన్నాడు.

"మామా, మహబూబ్‌నగర్ వచ్చిందే 1890లో. నోట్సులో ఉంది."

"ఏం చదువు అల్లుడూ అది? మా ముత్తాతలు ఇక్కడే పుట్టారు. పాలమూరు అంతకు ఎంతో ముందు నుంచి ఉంది."

"నేను చెప్పేది మహబూబ్‌నగర్ గురించి."

"పాలమూరు వేరు, మహబూబ్‌నగర్ వేరా?"

చివరి ప్రశ్న దగ్గర అల్లుడు ఇరుక్కుంటాడు. వేరు అంటే అబద్ధం. ఒకటే అంటే తన వాదన కూలినట్లు కనిపిస్తుంది. మామ గెలిచానని అనుకుంటాడు. నిజానికి ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు.

మొదటి పరీక్ష. అల్లుడి వాక్యంలో 'అనే పేరు' చేర్చండి. "మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చిందే 1890లో." చక్కగా అమరింది. మామ వాక్యం కొంచెం మెలిక పెడుతుంది. "పాలమూరు అనే పేరు అంతకు ముందు నుంచి ఉంది" అన్నా సరే, "పాలమూరు అనే ఊరు అంతకు ముందు నుంచి ఉంది" అన్నా సరే. రెండూ అమరాయి కాబట్టి మామ సంగతి ఇంకా తేలలేదు.

రెండో పరీక్ష. అల్లుడి వాక్యంలో పేరు మార్చండి. "పాలమూరు వచ్చిందే 1890లో." దీన్ని అల్లుడు కూడా ఒప్పుకోడు. అంటే అతను చెప్పింది పేరు గురించి. మామ వాక్యంలో మార్చండి. "మహబూబ్‌నగర్ అంతకు ముందు నుంచి ఉంది." ఇక్కడ మీరు ఊహించకూడదు, మామనే అడగాలి. "అవును, పేరేదైతేనేం, ఊరు ఉంది కదా" అంటే ఆయన చెప్పింది ఊరి గురించి. "లేదు, అప్పుడు ఆ పేరు లేదు" అంటే ఆయనదీ పేరు గురించే. మన మామ మొదటి జవాబే ఇచ్చాడనుకుందాం.

మూడో పరీక్ష. అల్లుడి మాట నిజమో కాదో చూడాలంటే పేరు పెట్టిన నాటి నిజాం ప్రభుత్వ రికార్డు కావాలి. మామ మాటకు అంతకు ముందే ఇక్కడ జనం కాపురమున్నారని చూపే ఆధారం ఏదైనా చాలు. చోట్లు వేరు, విషయాలు వేరు.

ఇప్పుడు రెండు వాక్యాలను తిరగరాయండి. విడదీయడం కన్నా తిరగరాయడమే ముఖ్యం. అలా రాయకపోతే మర్నాడు ఇదే గొడవ మళ్లీ మొదలవుతుంది.

- ఈ ఊరు 1890 కంటే ముందు నుంచీ ఉంది.
- దీన్ని 'పాలమూరు' అనేవారు, ఇప్పటికీ అంటారు.
- 'మహబూబ్‌నగర్' అనే పేరు 1890లో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది.

ఈ మూడింటినీ ఇద్దరికీ చదివి వినిపిస్తే కాదనేవారు ఉండరు. అల్లుడి నోట్సులో ఉన్న తప్పు తేదీ కాదు, ఎగిరిపోయిన 'అనే పేరు'. పరీక్షలో "మహబూబ్‌నగర్ ఎప్పుడు ఏర్పడింది?" అని అడిగితే చిక్కు వస్తుంది, "మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఎప్పుడు వచ్చింది?" అని అడిగితే రాదు. నోట్సు రాసుకునేటప్పుడే ఆ రెండు మాటలు చేర్చుకోవాలి.

మామ వేసిన ఉచ్చును కూడా విప్పాలి. అది ఇలా సాగుతుంది. పాలమూరు, మహబూబ్‌నగర్ ఒకటే. మహబూబ్‌నగర్ 1890లో వచ్చింది. కాబట్టి పాలమూరు 1890లో వచ్చింది. ఇది అబద్ధం కాబట్టి అల్లుడు చెప్పింది అబద్ధం. వినడానికి గట్టిగానే ఉంది. మొదటి మెట్టు ఊరి గురించి, రెండో మెట్టు పేరు గురించి. మధ్యలో మెట్టు మారిపోయింది. రెండు పేర్లూ ఒకే ఊరివైనంత మాత్రాన ఆ పేర్లు ఒకే రోజు పుట్టనక్కర్లేదు.

ఇంకొక సంగతి. ఈ తగాదా చల్లారిన తర్వాత "మరి ఏ పేరు ఉండాలి?" అనే ప్రశ్న తరచూ వస్తుంది. అది ఊరి వయసు ప్రశ్నా కాదు, పేరు పుట్టిన తేదీ ప్రశ్నా కాదు. ఇకపై మనం ఏం చేయాలనే నిర్ణయం. పాత పేరే ఉండాలనేవారికీ ఇప్పటి పేరే ఉండాలనేవారికీ తమ తమ కారణాలుండవచ్చు. కానీ ఊరు పాతదని నిరూపించి దీన్ని గెలవలేరు. దాన్ని వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టండి.

## 4. పేరు నిలిచి, వస్తువు మారినప్పుడు

పాలమూరు విషయంలో ఊరు ఒకటే, పేర్లు రెండు. నల్గొండ జిల్లా విషయంలో దీనికి తిరగబడి ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో నల్గొండ జిల్లా జనాభా 34.88 లక్షలు. ఇప్పటి నల్గొండ జిల్లా గురించి ఎక్కడ చూసినా 16 లక్షల పైచిలుకు అని ఉంటుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, జనమంతా వలస పోయారని వాదించేవారిని నేను చూశాను. వలస నిజమైన బాధే కాబట్టి వినేవారూ వెంటనే నమ్ముతారు.

జరిగింది వేరు. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు విడిపోయాయి. మిగిలిన భాగానికి 'నల్గొండ జిల్లా' అనే పేరే కొనసాగింది. 16 లక్షల అంకె కూడా 2011 లెక్కలదే, దాన్ని కొత్త హద్దులకు సరిపెట్టి చెబుతున్నారు. ఆ రోజు ఒక్క మనిషి కూడా ఇల్లు కదలకుండానే పేరు సూచించే మేర మారింది.

ఇలాంటి చోట మారుపేరు పరీక్ష పనిచేయదు, ఎందుకంటే మారినది పేరు కాదు. దాని బదులు పేరుకు తేదీ కట్టండి. '2016కు ముందరి నల్గొండ జిల్లా' అనో 'ఇప్పటి నల్గొండ జిల్లా' అనో రాయండి. మన పత్రికలు 'ఉమ్మడి నల్గొండ జిల్లా' అని రాసేది ఇందుకే. "సూర్యాపేట నల్గొండ జిల్లాదేనా?" అనే ప్రశ్నకు కూడా ఇదే మందు. ఉమ్మడి జిల్లాదే, ఇప్పటి జిల్లాది కాదు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

## 5. ఒకరి మాటను ఇంకొకరికి చేరవేసేటప్పుడు

పంచాయితీల్లో నేను ఎక్కువగా గమనించిన చిక్కు ఇది. పొలం గట్టు దగ్గర ఇద్దరు తిట్టుకున్నారు. చూసినవాడిని పెద్దమనుషులు పిలిచి ఏమన్నాడో చెప్పమన్నారు. "ఆయన ఈయనను దొంగ అన్నాడు" అని సాక్షి చెప్పాడు. వెంటనే ఈయన లేచి, "అందరి ముందూ నువ్వూ నన్ను దొంగ అంటావా?" అని సాక్షి మీదికి వెళ్లాడు. అసలు తగాదా ఆగిపోయి కొత్తది మొదలైంది.

గట్టు దగ్గర ఆ మాటను వాడారు. ఇక్కడ సాక్షి దాన్ని ప్రస్తావించాడు, ఎవరినీ దొంగ చేయలేదు. అయినా బాధపడిన మనిషి చెవికి రెండూ ఒకేలా తగులుతాయి. దాన్ని తీసిపారేయకూడదు. తిట్టును ప్రస్తావించడం తిట్టడం కాకపోయినా, అవసరం లేకుండా పదేపదే ప్రస్తావించేవాడి ఉద్దేశాన్ని అనుమానించవచ్చు. సాక్షి చేయగలిగిన సర్దుబాటు ఇది.

- ముందు ఎవరు అన్నారో, ఎప్పుడు అన్నారో చెప్పాలి. మాట ఆఖరున రావాలి. "నిన్న సాయంత్రం గట్టు దగ్గర ఆయన వాడిన మాట ఇది" అని ఒక్క క్షణం ఆగి, తర్వాత చెప్పాలి.
- ఒక్కసారే చెప్పాలి. తర్వాత 'ఆ మాట' అంటే చాలు.
- "అది ఆయన మాట, నాది కాదు" అని అడగకముందే చెప్పాలి.

దీనికన్నా నష్టం చేసేది 'నేను' అనే మాట. అప్పు పంచాయితీలో ఒకడు ఇలా చెప్పాడు. "వాళ్లన్న నేను బాకీ లేను అన్నాడు." బాకీ లేనిది ఎవరు? చెబుతున్నవాడా, వాళ్లన్నా? ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్లు ప్రస్తావిస్తే 'నేను' అంటే వాళ్లన్న. తన మాటగా వాడుకుంటే 'నేను' అంటే చెబుతున్నవాడు. గొంతులో చిన్న విరామం తప్ప ఈ రెండింటికీ మధ్య గోడ లేదు. కాగితం మీదికి ఎక్కితే ఆ విరామం కూడా ఉండదు.

తెలుగులో దీనికి తయారుగా ఉన్న మాట 'తాను'. "వాళ్లన్న తాను బాకీ లేనని అన్నాడు." బాకీ లేనిది వాళ్లన్నే, రెండో అర్థానికి చోటు లేదు. డబ్బు, భూమి, పెళ్లి సంబంధం గురించిన మాటను చేరవేసేటప్పుడు 'నేను' వదిలేసి 'తాను' వాడండి. లేదా పేరే చెప్పండి. ఒప్పంద కాగితాల్లోనైతే ఇది తప్పనిసరి.

## 6. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

ఒకే మాట రెండు పనులూ చేయడం. "నల్గొండకు ఆ పేరు నల్లని కొండ వల్ల వచ్చింది" అనే వాక్యం తీసుకోండి. 'నల్గొండకు' అన్నప్పుడు ఊరి గురించి మాట్లాడాం. 'ఆ పేరు' అనగానే వెనక్కి తిరిగి అదే మాటను వేలితో చూపాం. మారుపేరు పెట్టి చూస్తే తెలుస్తుంది. "నీలగిరికి ఆ పేరు నల్లని కొండ వల్ల వచ్చింది" అనగానే వాక్యం చెడిపోయింది. ఇది వాడుకా, ప్రస్తావనా అని తల పట్టుకోకండి, రెండూ. వాక్యాన్ని విరవండి: "ఈ ఊరి పేరు 'నల్గొండ'. ఆ పేరులో 'నల్ల', 'కొండ' అనే మాటలున్నాయి."

పేరును విప్పి వస్తువును తేల్చడం. పేరులో 'నల్ల' ఉంది కాబట్టి కొండ నల్లగా ఉండి తీరాలని, లేదంటే పేరు అబద్ధమని వాదిస్తారు. పేరు పెట్టినవారు దాన్ని ఎలా చూశారో పేరు చెప్పవచ్చు, చెప్పకపోనూ వచ్చు. కొండ రంగు తెలియాలంటే కొండనే చూడాలి. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి తగ్గించే 'నల్గొండ పద్ధతి' కూడా ఇలాంటిదే. దాన్ని రూపొందించింది నాగపూర్ కేంద్రంగా ఉన్న జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి. ఆ పద్ధతిని ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా అమలు చేశారు. పేరులో నల్గొండ ఉన్నంత మాత్రాన ఇక్కడే వాడాలని లేదు, ఇక్కడ అందరూ వాడుతున్నారనీ కాదు.

పేరు ఎత్తితే వస్తువు వచ్చినట్లు భయపడటం. రాత్రిపూట 'పాము' అనకూడదని 'పురుగు' అనే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇంట్లో అలా అనుకోవడం వల్ల నష్టం లేదు. ఆస్పత్రిలో మాత్రం "పురుగు ముట్టింది" అనకండి. కొత్తగా వచ్చిన డాక్టరుకు అది తేలుగానో జెర్రిగానో వినిపించవచ్చు. "పాము కరిచింది" అని స్పష్టంగా చెప్పండి. మాటకు విషం లేదు.

నొక్కి చెప్పడానికి కొటేషన్ పెట్టడం. దుకాణం బోర్డు మీద 'స్వచ్ఛమైన' నెయ్యి అని కొటేషన్‌లో రాస్తారు. రాసినవారు నొక్కి చెప్పాలనుకున్నారు. చదివేవారికి మాత్రం "స్వచ్ఛమైనదని వీళ్లంటున్నారు, మనకు తెలియదు" అన్నట్లు ఉంటుంది. నొక్కి చెప్పాలంటే అక్షరాలు పెద్దవి చేయండి. కొటేషన్‌ను ప్రస్తావనకే ఉంచండి.

ప్రతిదానికీ గుర్తులు పెట్టడం. పద్ధతి కొత్తగా నేర్చుకున్నవారు మొదట్లో ఇలా చేస్తారు. తగాదా లేనిచోట ఈ విడదీత అక్కర్లేదు. "మహబూబ్‌నగర్ బస్సు వచ్చిందా?" అన్నవారిని "బస్సా, పేరా?" అని అడగకూడదు.

## 7. చేతిలో ఉంచుకోవలసిన పట్టీ

- రెండు వాక్యాలూ అన్నవి అన్నట్లే రాశానా?
- 'అనే పేరు' చేర్చితే నిలుస్తోందా?
- మరో పేరు పెడితే నిజం అలాగే ఉందా? ఆ జవాబు అన్నవారి నోటి నుంచే వచ్చిందా, నేనే ఊహించానా?
- మధ్యలో వస్తువే మారిందా? మారితే తేదీ కట్టానా?
- తిరగరాసిన వాక్యాలను ఇద్దరూ ఒప్పుకున్నారా?

ఆఖరి దానికి "లేదు" అని జవాబు వస్తే మీ ముందున్నది నిజమైన తగాదా. దాని సంగతి ఇప్పుడు చూద్దాం.

## 8. "మాటల గొడవే" అని కొట్టిపారేయకూడని చోటు

ఈ పద్ధతి తెలిసినవారు చేసే పెద్ద పొరపాటు, ప్రతి తగాదానూ మాటల గొడవగా తేల్చేయడం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ గురించి జరిగే వాదన తీసుకోండి. ఒకాయన "మా గ్రామం ఇప్పుడు ఫ్లోరైడ్ రహితం" అంటాడు. పక్కవాడు "మా బోరు నీళ్లలో ఇంకా ఉంది" అంటాడు.

మొదట మూడు పరీక్షలూ చేయండి. 'ఫ్లోరైడ్ రహిత గ్రామం' అనే మాటను ఒకాయన నల్లా నీళ్లు చూసి వాడుతున్నాడు. మిషన్ భగీరథలో వచ్చేది శుద్ధి చేసిన నది నీరు. పక్కవాడు భూగర్భజలం చూసి మాట్లాడుతున్నాడు. పైపులైను వచ్చినంత మాత్రాన బోరు లోపలి రాయి మారదు, అందులోంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగడమూ ఆగదు. ఇంతవరకు ఇది పాలమూరు తగాదా లాంటిదే. ఒకే మాటను రెండు వస్తువులకు వాడుతున్నారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇక్కడితో ఆపేస్తే అన్యాయం చేసినట్లే. 'రహితం' అనే మాట రికార్డులో ఎక్కితే దాని వెంట పనులు కదులుతాయి. పరీక్షలు తగ్గవచ్చు, నిధులు మరోవైపు వెళ్లవచ్చు. నల్లా రాని రోజున జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. కాబట్టి ఆ మాటను దేనికి వాడాలనేది కూడా వాదించదగిన విషయమే. దాన్ని మాటల గొడవ అని పక్కన పెడితే నష్టపోయేది బోరు నీళ్లు తాగే ఇల్లు.

చేయవలసింది రెండు ప్రశ్నలను విడివిడిగా అడగడం. మొదటిది కొలతది: ఏ నీటిలో ఎంత ఉంది? భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. దీనికి జవాబు ప్రయోగశాల చెబుతుంది, వాదన చెప్పదు. రెండోది నిర్ణయానిది: ఏ నీటిని చూసి 'రహితం' అని రాయాలి? దీనికి జవాబు గ్రామసభలో అధికారులను అడిగి రాయించుకోవాలి.

మొదటి ప్రశ్నకు నీటి నమూనా పంపేటప్పుడు రెండు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. నల్లా నీళ్లు ఒకదానిలో, బోరు నీళ్లు మరొకదానిలో పట్టండి. రెండింటినీ కలపకండి. ఒకదాని మీద 'నల్లా' అని, రెండోదాని మీద 'బోరు' అని, కింద పట్టిన తేదీ, ఇంటి నంబరు రాయండి. ఊరి పేరు ఒక్కటే రాసి పంపితే వచ్చిన అంకె ఏ నీటిదో ఎవరూ చెప్పలేరు, రెండు పక్షాలవారూ అదే కాగితం పట్టుకుని మళ్లీ వాదించుకుంటారు.